చీర శ్వాసిస్తుందా?

సందేహం: మా నేత కుటుంబం తరఫున ఒక ఆన్‌లైన్ స్టోర్‌లో మంగళగిరి నూలు చీరలు పెడుతున్నాం. వివరణ నేనే రాశాను: "చేతితో అల్లిన ఈ 80 కౌంట్ కాటన్ చీర శ్వాసిస్తుంది. మెత్తని స్పర్శతో రోజంతా సౌకర్యాన్ని అందిస్తుంది. నేడే ధరించండి." కింద 'మగ్గం వర్క్' అని ట్యాగ్ కూడా ఇచ్చాను. మగ్గం మీద ఉన్న మా బాబాయి చదివి ఒకటే నవ్వు. ఇందులో తప్పేముంది? 'చేనేత'లో 'చే' అంటే చేయడమేనా?

సమాధానం: ముందు చిన్న ప్రశ్న తీర్చేస్తాను. 'చే' అంటే ఇక్కడ చేయి. చేసంచి, చేవ్రాలు, చేబదులు అన్నప్పుడు ఉన్న 'చే'యే ఇదీ. కాబట్టి 'చేనేత' అంటే చేతి నేత. దానికి ఎదురుమాట మరమగ్గం నేత. 'చేతితో నేసిన చేనేత చీర' అంటే చేయి రెండుసార్లు వచ్చినట్టు. 'చేనేత చీర' అంటే చాలు. కొన్ని రకాల చీరలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం కూడా వచ్చింది కనుక, ఇది అలంకారానికి వాడుకునే మాట కాదు. మరమగ్గం మీద నేసినదానికి తగిలించకూడదు.

మీ బాబాయిగారు మొదట నవ్వింది 'అల్లిన' దగ్గరే అయి ఉంటుంది. జడ అల్లుతాం, బుట్ట అల్లుతాం, స్వెటర్ అల్లుతాం. బట్ట మాత్రం నేస్తాం. చాప దగ్గర రెండు మాటలూ వినిపిస్తాయి గానీ, చీర దగ్గర ఆ వెసులుబాటు లేదు. నేతలో పొడుగునా బిగించిన దారాలు పడుగు. నాడెతో అడ్డంగా వాటి మధ్యకు పంపే దారం పేక. పడుగూ పేకా ఉన్న పని నేత. స్వెటర్‌లో పడుగు లేదు, ఒకే దారం ఉచ్చులు వేసుకుంటూ పోతుంది. తమాషా ఏమిటంటే, సాలెపురుగుకు నేతగాడి పేరు పెట్టి కూడా అది గూడు అల్లుతుందనే అంటాం.

'మగ్గం వర్క్' ట్యాగ్‌ను ఈ రోజే తీసేయండి. మీ ఇంట్లో మగ్గం అంటే నేత. బజార్లో 'మగ్గం వర్క్' అంటే చట్రానికి బట్టను బిగించి, సూదితో పూసలు, చమ్కీలు, జరీ కుట్టే పని. ఎక్కువగా జాకెట్ల మీద చేయిస్తారు. ఆ మాట కొట్టి వెతికేవాళ్లకు పెళ్లి జాకెట్ కావాలి. వాళ్లకు మీ సాదా చీర కనిపిస్తే ముందుకు పోతారు. మీ చీర కావలసినవాళ్లు 'నేత చీర' అనో 'మంగళగిరి కాటన్' అనో వెతుకుతారు. 'కాటన్' వాడినందుకు మొహమాటపడకండి, అది తెలుగిళ్లలో ఎప్పుడో కుదురుకుంది. 'నూలు చీర' అన్నా మంచిదే. 'పత్తి చీర' మాత్రం వద్దు. పత్తి చేలో పండేది, నూలు దాన్నుంచి వడికిన దారం.

ఇక అసలు సంగతి, 'శ్వాసిస్తుంది'. ఇంగ్లీషు ప్రకటనలోని మాటను ఎత్తి తెలుగులో పెట్టారు. తెలుగులో శ్వాసించేది ప్రాణమున్నది. బట్టకు మనకు వేరే మాట ఉంది: 'గాలి ఆడుతుంది'. గాలాడని గది అంటాం కదా, అదే మాట చీరకూ సరిపోతుంది. పైగా ఇది నేత లోపల జరిగేది కూడా చెబుతుంది. పడుగు పేకల మధ్య మిగిలిన సందుల్లోంచే గాలి ఆడేది. నూలు చెమటను పీల్చుకుంటుంది, సందుల్లోంచి వచ్చే గాలి దాన్ని ఆరబెడుతుంది. 'చెమట పీల్చి, గాలి ఆడే చీర' అంటే ఎండాకాలంలో బస్సెక్కి ఆఫీసుకు వెళ్లే మనిషికి వెంటనే అర్థమవుతుంది.

'సౌకర్యాన్ని అందిస్తుంది' కూడా అలాంటిదే. నీటి సౌకర్యం, బస్సు సౌకర్యం అంటాం. అంటే ఏర్పాటు. ఒంటికి దొరికేది హాయి. అలాగే చీరను మనం 'ధరించం', కట్టుకుంటాం. చొక్కా తొడుక్కుంటాం, శాలువా కప్పుకుంటాం, పూలు పెట్టుకుంటాం. ఒక్కో వస్తువుకు ఒక్కో క్రియ ఉన్న భాషలో అన్నిటికీ 'ధరించండి' అంటే అది శిలాఫలకం మీది మాటలా ఉంటుంది.

'80 కౌంట్' తప్పు కాదు, కానీ వివరణ లేకపోతే కొనేవాళ్లు తికమకపడతారు. నేతవాళ్లు 'ఎనభయ్యో నంబరు నూలు' అంటారు. ఆ నంబరు దారం సన్నదనానికి కొలత. 840 గజాల దారాన్ని ఒక చిలపగా లెక్కిస్తే, ఒక పౌను బరువుకు ఎన్ని చిలపలు తూగుతాయో అదే నంబరు. ఎనభయ్యో నంబరంటే అర కిలోకు కాస్త తక్కువ నూలులో 67,200 గజాల దారం, సుమారు 61 కిలోమీటర్లు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. అయితే దుప్పట్ల మీద కనిపించే థ్రెడ్ కౌంట్ వేరు. అది ఒక చదరపు అంగుళం బట్టలో పడుగూ పేకా కలిపి ఎన్ని దారాలున్నాయో చెప్పే లెక్క. దుప్పట్లు కొని అలవాటైనవాళ్లు మీ 80 చూసి, 'ఇంత తక్కువా?' అనుకుంటారు. అందుకే 'కౌంట్' బదులు 'నంబరు నూలు' అని, పక్కన 'సన్న దారం' అని రాయండి. ఇంకో మాట. దారం సన్నదైనంత మాత్రాన గాలి ఆడదు. సన్న దారాన్నే మరీ ఒత్తుగా నేస్తే సందులు మూసుకుపోతాయి. అలాగని 'పలచన' అని రాస్తే కొనేవాళ్లకు లోపల కనిపిస్తుందేమోనన్న భయం. మీ చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. చీర వెనక పెట్టిన చెయ్యి నీడగా తెలుస్తూ, అరచేతి గీతలు కనిపించకపోతే 'తేలిక నేత' అని ధైర్యంగా రాయవచ్చు.

ఇప్పుడు మిగిలింది 'మెత్తని స్పర్శ'. ఇక్కడ తప్పు భాషది కాదు, మాటకు నిజం తోడు లేదు. మగ్గం దిగిన కొత్త చీరకు గంజి ఉంటుంది, చేత్తో పట్టుకుంటే పెళపెళలాడుతుంది. 'మెత్తని' అని చదివి కొన్న ఆవిడ పెట్టె తెరిచి ఆ బిరుసు చూసి వెనక్కి పంపేస్తుంది. గంజి సంగతి ముందే చెప్పండి. అది దాచాల్సిన లోపం కాదు, అమ్మకానికి పనికొచ్చే గుణం. ఉతికేకొద్దీ మెత్తబడే గుణం నూలుకు ఉంది. అంచుల పొడుగునా సూదిమొనంత రంధ్రాలు కనిపిస్తే వాటి మాటా చెప్పండి. నేసేటప్పుడు వెడల్పు తగ్గకుండా బట్టను సాగదీసి పట్టే కర్ర ములుకుల గుర్తులవి. తెలియనివాళ్లు చిరుగనుకుంటారు.

నేనైతే ఇలా రాస్తాను:

"మంగళగిరి చేనేత చీర. పడుగూ పేకా రెండూ ఎనభయ్యో నంబరు నూలు, అంటే సన్న దారం. తేలిక నేత కాబట్టి గాలి ఆడుతుంది, చెమట పీల్చుకుంటుంది. పొద్దున కట్టుకుంటే సాయంత్రం దాకా ఒంటికి హాయి. కొత్తలో గంజితో బిర్రుగా ఉంటుంది, కుచ్చిళ్లు నిలబడతాయి. రెండు మూడు ఉతుకులకు మెత్తబడుతుంది. అంచుల్లో సూదిమొనంత రంధ్రాలు ఉంటే అవి మగ్గం గుర్తులు, చిరుగులు కావు."

'పడుగూ పేకా రెండూ ఎనభయ్యో నంబరు' అన్నది మీ ఒక్క ముక్కనుబట్టి నేను ఊహించి రాసింది. పేక నూలు వేరే నంబరైతే ఆ వాక్యం మార్చాలి. అది మీ బాబాయిగారిని అడగండి.