పెళ్లి పత్రిక మూడుసార్లు పంపితే గానీ పీడీఎఫ్ అర్థం కాలేదు

ప్రశ్న: పీడీఎఫ్ అంటే అసలు ఏంటి? వర్డ్ ఫైల్ ఒక్కో కంప్యూటర్లో ఒక్కోలా తెరుచుకుంటుంది, పీడీఎఫ్ మాత్రం ఎక్కడ చూసినా ఒకేలా ఎందుకు ఉంటుంది?

హన్మకొండలో చాలా ఏళ్లు డీటీపీ షాపు నడిపాను. నాకు ఈ సంగతి తెలిసింది మా మేనకోడలి పెళ్లి పత్రిక దగ్గర.

మా బావది కరీంనగర్, అచ్చు కూడా అక్కడే. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడ్‌లో కాకుండా, పత్రికను పాత తెలుగు ఫాంటులో కొట్టి వర్డ్ ఫైల్ పంపాను. గంటలో ఫోన్. "ఏంది బామ్మర్దీ, పిల్ల పేరు కాడ ఇంగ్లీషు గీతలున్నయ్?" ఆ పాత ఫాంట్లలో ఫైల్ లోపల ఉండేది నిజానికి ఇంగ్లీషు కోడ్లే, తెలుగు ఆకారాలు ఫాంటులో ఉంటాయి. ప్రెస్ కంప్యూటర్లో ఆ ఫాంటు లేదు. అక్షరాలు పోవడమే కాదు, వరుసలూ కదిలి, ఫంక్షన్ హాల్ అడ్రస్ రెండో పేజీకి పోయింది.

వర్డ్ ఫైల్‌లో ఉండేది "ఈ మాటలు, ఈ ఫాంటు, 14 సైజు, మధ్యలో పెట్టు" అనే సూచన మాత్రమే. వరుస ఎక్కడ విరగాలో తెరిచిన కంప్యూటర్ అప్పటికప్పుడు లెక్క వేసుకుంటుంది. దాని దగ్గర ఫాంటు వేరైతే లెక్క మారుతుంది.

పీడీఎఫ్‌లో ఆ లెక్క ముందే అయిపోయి ఉంటుంది. లోపల చూస్తే దాదాపు ఇలా ఉంటుంది:

```
BT
/F1 14 Tf
72 720 Td
(Hello) Tj
ET
```

F1 అనే ఫాంటు 14 సైజులో తీసుకో, పేజీ ఎడమ కింది మూల నుంచి పక్కకు 72, పైకి 720 పాయింట్లు జరిగి అక్కడ Hello గీయి, అని అర్థం. అంగుళానికి 72 పాయింట్లు. అంటే అడ్డంగా ఒక అంగుళం, నిలువుగా పది అంగుళాలు. ఎ4 పేజీ సుమారు 595 బై 842 పాయింట్లు. ఏ ఫోనైనా, ఏ ప్రింటరైనా చేసేది చెప్పిన చోట గీయడమే, సొంత ఆలోచన లేదు. 1993లో అడోబీ వాళ్లు దీన్ని విడుదల చేసింది ఇందుకే.

అది తెలిసినట్టే పోజు కొట్టి రెండోసారి పీడీఎఫ్ పంపాను. మళ్లీ ఫోన్, మళ్లీ ఇంగ్లీషు గీతలే! కానీ ఈసారి వరుసలు ఎక్కడివక్కడే ఉన్నాయి, అడ్రస్ కూడా మొదటి పేజీలోనే ఉంది. స్థానాలు వెళ్లాయి, అక్షరాల ఆకారాలు వెళ్లలేదు. ఫైల్ సైజు తగ్గుతుందని కన్వర్టర్‌లో ఫాంట్లు కలిపే టిక్ తీసేసింది నేనే. నా కంప్యూటర్లో ఫాంటు ఉంది కాబట్టి నాకు చక్కగానే కనిపించింది. ఈ తప్పు సొంత కంప్యూటర్లో దొరకదు. ఆ ఫాంటు లేని ఫోన్‌లో తెరిచి చూడాలి, లేదా అడోబీ రీడర్‌లో ఫైల్ ప్రాపర్టీస్‌లో Fonts ట్యాబ్ తెరిచి ప్రతి పేరు పక్కన, ఫాంటు ఫైల్‌లో కలిసిందని చెప్పే Embedded లేదా Embedded Subset ఉందో లేదో చూడాలి.

టిక్ పెట్టి మూడోసారి పంపాను, సరిగ్గా వచ్చింది. అయినా బావ ఊరుకున్నాడా? "మా చెల్లె ఝాన్సీ పేరు మర్చిపోయినం, గందుల్నే ఎక్కియ్యి" అన్నాడు. ప్రెస్ అబ్బాయి పీడీఎఫ్‌లోనే మార్చబోతే 'ఝ' రాలేదు. సబ్‌సెట్ అంటే పత్రికలో వాడిన అక్షరాల ఆకారాలే ఫైల్‌లోకి వెళ్తాయి. ఆ పత్రిక మొత్తంలో ఝ లేదు, కాబట్టి ఫైల్‌లోనూ లేదు. పైగా పేరు ఇరికించినా పక్క మాటలు జరగవు, ఎందుకంటే వరుస, పేరా అనే సంగతే దానికి తెలియదు, ప్రతిదీ చెప్పిన చోటే కూర్చుంటుంది. చివరికి మూల ఫైల్‌లో పేరు చేర్చి మళ్లీ పీడీఎఫ్ చేశాను.

ఇది చెబితే షాపుకొచ్చేవాళ్లు నమ్మేవాళ్లు కాదు. "పీడీఎఫే కదా, ఒక్క పేరు మార్చడానికి యాభై రూపాయలా?" అనేవాళ్లు. పాత ఫాంటు పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేస్తే ఇంగ్లీషు చెత్త వచ్చేదీ ఇందుకే. గీయడానికి ఆకారం ఉంది, కోడ్ మాత్రం ఇంగ్లీషుదే, అది ఏ తెలుగు అక్షరమో చెప్పే సమాచారం లేదు. నన్నడిగితే పాత ఫాంట్లలో పత్రికలు కొట్టడం మానేసి అందరం యూనికోడ్‌కు రావాలి, కానీ మా దగ్గర డిజైన్ ఫాంట్లు అందంగా ఉంటాయని వదలరు.

ఇంకోటి, ఒకేలా అంటే అమరిక, అక్షరాల ఆకారాలు మాత్రమే, రంగు కాదు. బావ ఫోన్‌లో చక్కటి కుంకుమ ఎరుపు, అచ్చులో ఇటుక రంగుగా వచ్చింది. దానికీ నన్నే తిట్టాడు.