‘తప్ప’, ‘మినహాయించి’ ఒకే వాక్యంలో ఉంటే

ప్రశ్న: “‘అద్దెదారు 30 రోజుల ముందు నోటీసు ఇచ్చిన పక్షంలో, సాధారణ అరుగుదల తప్ప ఇతర నష్టాల ఖర్చు మినహాయించి, యజమాని అడ్వాన్సును 15 రోజుల్లో తిరిగి చెల్లించవలెను.’ గోడ రంగు వెలిస్తే డబ్బు కోస్తారా? ఇంకా సంతకం పెట్టలేదు.”

ముందు చివరి క్రియ పట్టుకోండి: ‘చెల్లించవలెను’. ఎవరు? యజమాని. బాధ్యత అదే. ‘పక్షంలో’ దాకా ఉన్నది షరతు, అంటే నోటీసు మీ పని. అసలు చిక్కు మధ్యలో ఉంది. ‘మినహాయించి’ అన్నది యజమానికి కోత హక్కు ఇస్తోంది, దాని లోపలున్న ‘తప్ప’ ఆ హక్కులోంచి అరుగుదలను తీసేస్తోంది. మినహాయింపుకే మినహాయింపు అన్నమాట! కాబట్టి వాడకంలో రంగు వెలిస్తే కోయకూడదు, మేకులు దిగ్గొట్టి గోడ పెచ్చులూడగొడితే కోయొచ్చు.

నాకు నచ్చనిది ఇంకొకటి: 15 రోజులు ఎప్పటి నుంచో రాయలేదు. ‘ఇల్లు అప్పగించిన నాటి నుంచి’ అని ఇప్పుడే చేర్పించండి.