ఆదివారం దమ్ బిర్యానీ వండబోయే అబ్బాయికి

అబ్బీ,

అనంతపురంలో నీ ఆఫీసు వాళ్లు పన్నెండు మందిని ఆదివారం భోజనానికి పిలిచావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వే దమ్ బిర్యానీ వండుతావట, అదీ పచ్చి మాంసంతో. సంతోషమే. కానీ నిన్నటి నుంచి నాకు ఒకటే టెన్షన్, అందుకే రాస్తున్నా.

రెండు కిలోల లేత మటన్, రెండు కిలోల పాత బాస్మతి సరిపోతాయి. మన కర్నూలు సోనా జోలికి పోవద్దు, దమ్ములో అది తొందరగా మెత్తబడిపోతుంది. అల్లం తెల్లగడ్డ, పెరుగు, వేయించిన ఎర్రగడ్డలు, మసాలా నీకు తెలిసినవే. పచ్చి బొప్పాయి ముద్ద రెండు చెంచాలు చాలు, ఎక్కువైతే మాంసం పిండిపిండిగా అవుతుంది. రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టు. ముదురు మాంసం దొరికితే మాత్రం ఈ పద్ధతి వద్దు, కూర ముందే ఉడికించి బియ్యం పైన వేసుకో.

ఇక అసలు సంగతి. నీ మొదటి పుట్టినరోజుకు మీ నాన్న ఇదే బిర్యానీ చేశాడు. ఫ్రిజ్‌లోంచి తీసిన మాంసం చల్లగా ఉండగానే గిన్నెలో పరిచి, పైన అన్నం వేసి, మూతకు పిండి పెట్టాడు. అడుగు మాడుతుందని భయపడి మొదటి నుంచే పెనం మీద సిమ్‌లో పెట్టాడు. నలభై నిమిషాలయ్యాక మూత తీస్తే పైన మెతుకు మల్లెమొగ్గలా ఉంది. గరిటె కిందికి దింపితే ఎముక పక్కన ఎర్రగా నెత్తురు! చుట్టాలంతా విస్తళ్ల ముందు కూర్చొని ఉన్నారు. కంగారులో నీళ్లు పోసి మళ్లీ ఉడికించాడు. మాంసం ఉడికేసరికి అన్నం సంకటి అయిపోయింది. ఈ మాట తీస్తే ఇప్పటికీ మీ నాన్న లేచి బయటికి పోతాడు.

మంట తగ్గించడం తప్పు కాదు, ఎప్పుడు తగ్గించాడన్నదే తప్పు. ఆవిరి పుట్టాకే దమ్ మొదలయ్యేది. రెండు కిలోల చల్లటి మాంసం, పెరుగు వేడెక్కడానికే సిమ్ మంట అంతా సరిపోయింది. నలభై నిమిషాల్లో సగం ఆవిరి లేకుండానే గడిచిపోయింది. పైన అన్నం బాగుందంటావా, అది అప్పటికే ముప్పాతిక ఉడికి ఉంది కదా.

అందుకని నువ్వు మాంసాన్ని ముప్పావు గంట ముందు బయటపెట్టు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో పరిచి, పక్క పొయ్యి మీద ఎసరు పెట్టు. ఎసరు నోటికి బాగా ఉప్పగా తగలాలి, బియ్యం అరగంట నానాలి. మెతుకు నలిపితే మూడు ముక్కలై లోపల గట్టిగా పలుకు తగిలినప్పుడు సగం బియ్యం తీసి మాంసం మీద పరుచు. మిగతా సగం ఇంకో రెండు నిమిషాలు ఉడకనిచ్చి దాని పైన వెయ్యి. కింది పొరకు మాంసం రసం అందుతుంది, పై పొరకు ఆవిరి ఒక్కటే దిక్కు. నెయ్యి, కుంకుమపువ్వు పాలు, పుదీనా పైన చల్లి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అతికించు.

ఇప్పుడు గిన్నెను నేరుగా పెద్ద మంట మీద పది నిమిషాలు ఉంచు. గడియారాన్ని మాత్రమే నమ్మొద్దు. పిండి పక్కనుంచి ఆవిరి బుస్సుమని తన్నాలి, మూత మీద నీటి చుక్క వేస్తే సుయ్యిమని ఎగరాలి. అప్పటికి ఇంకో పొయ్యి మీద పెనం కాగి ఉండాలి. చల్లటి పెనం మీద పెడితే పుట్టిన ఆవిరి మళ్లీ చల్లబడుతుంది. ఆ పెనం మీదకు గిన్నె మార్చి సిమ్‌లో ముప్పై అయిదు నుంచి నలభై నిమిషాలు ఉంచు. మధ్యలో చెవి దగ్గర పెట్టి విను, కానీ మూతకు తగలనివ్వకు, కాలుతుంది! బుడబుడమంటే లోపల ఇంకా రసం ఉంది. చిటపటమంటే రసం అయిపోయి నెయ్యి వేగుతోందన్నమాట, వెంటనే ఆపెయ్. ఆపాక పావుగంట అలాగే వదిలెయ్, లోపలి వేడి పని చేస్తూనే ఉంటుంది. ఎవడో ఆకలని మూత తియ్యమంటాడు, చచ్చినా తియ్యకు.

తీసేటప్పుడు మొహం దూరంగా పెట్టి, మూతను నీకు అవతలి వైపు నుంచి ఎత్తు. మీ పెద్దమ్మ చేయి ఆ ఆవిరికి బొబ్బలెక్కడం నేను చూశాను, అందుకే చెప్తున్నా. వడ్డించే ముందు అంచు దగ్గర అట్లకాడ అడుగుదాకా దింపి, ఎముక ఉన్న ఒక ముక్క తీసి విరిచి చూడు. ఎర్రగా ఉంటే నీళ్లు పొయ్యొద్దు. పిండి మళ్లీ అతికించి, ఆవిరి వచ్చేదాకా మంట పెంచి, ఆ తర్వాత పెనం మీద మరో పదిహేను నిమిషాలు పెట్టు.

నీ రూములో పెనం పల్చనిదట కదా. ఇక్కడి ఇనప పెనం శుక్రవారం బస్సులో పంపిస్తున్నా, బస్టాండుకు వెళ్లి తీసుకో.

మీ పెదనాయన