గోడ మీది మిషన్ స్టేట్‌మెంట్‌ని నోటికొచ్చే ఒక్క వాక్యంగా మార్చడం ఎలా?

"మాది చిన్న కంపెనీ. మిషన్ స్టేట్‌మెంట్ ఫ్రేము కట్టించి పెట్టాం గానీ మా స్టాఫుకే గుర్తుండదు. కస్టమరు కూడా తిరిగి చెప్పగలిగేలా ఎలా రాయాలి?"

నేను విశాఖలో ఒక ఏసీ సర్వీసు కంపెనీ ఆఫీసు పని చూసేదాన్ని. మా గోడ మీద ఇలా ఉండేది: "నాణ్యత, నవకల్పన, వినియోగదారుల సంతృప్తి ద్వారా సమగ్ర శీతలీకరణ సేవల్లో అగ్రగామిగా ఎదగడం." ఫ్రేము వంక చూడకుండా చెప్పమంటే మా మెకానిక్కు "నాణ్యత... తర్వాత ఏదో ఉందండి" అన్నాడు. అతని తప్పేం లేదు. 'శీతలీకరణ' తీసి 'రంగులు' అని పెడితే అది పెయింట్ల కొట్టుకీ సరిపోతుంది.

నేను ముందు కంప్లైంట్ల రిజిస్టరు తీశాను. బీచ్ రోడ్డు వైపు ఇళ్ల నుంచి పదేపదే ఒకటే మాట: "మొన్నేగా గ్యాస్ నింపారు, మళ్లీ పోయిందంటారేంటి?" ఉప్పుగాలికి బయటి యూనిట్ కాయిల్ తినేసి లీకవడం మన ఊళ్లో మామూలే. కానీ ఆ యూనిట్ మేడ మీదో గోడ అవతలో ఉంటుంది, కస్టమరు చూడరు. చూడంది ఎలా నమ్ముతారు?

మొదట "నిజాయితీగా రిపేరు చేస్తాం" అని రాశాను. ఓనరుగారికి తెగ నచ్చింది. మెకానిక్కు మాత్రం "అయితే రేపట్నించి నేను కొత్తగా ఏం చెయ్యాలండి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తర్వాత "ఫోన్ చేసిన రోజే వస్తాం" అనుకున్నాం. ఎండాకాలం రిజిస్టరుతో పోల్చి చూస్తే, గాజువాక నుంచి సాయంత్రం వచ్చిన కాల్స్ దాదాపు అన్నీ మర్నాటికే పడ్డాయి. అదీ పోయింది.

మూడోసారి "పాడైన భాగాన్ని చూపి, అంచనా వ్యయం తెలిపి, మీ అంగీకారంతో మరమ్మతు చేస్తాం" అని రాసి, ఆరుగురికి ఒక్కసారే చదివి వినిపించాను. మర్నాడు చెప్పాపెట్టకుండా అడిగాను. విషయం అందరికీ గుర్తుంది, కానీ అంచనా వ్యయం అందరి నోటా 'రేటు' అయింది, అంగీకారం 'సరే' అయింది. వాళ్ల మాటలే ఉంచేశాను:

"ఏం పాడైందో చూపించి, రేటు చెప్పి, మీరు సరే అన్నాకే బాగుచేస్తాం."

మెకానిక్కు గుమ్మంలో ఇది చెప్పాలి. మర్నాడు నేను ఫోన్ చేసి "మావాడు వచ్చి ఏం చెప్పాడండి?" అని అడిగేదాన్ని. సీతమ్మధార నుంచి ఒకావిడ "చూపించాకే చేస్తానన్నాడమ్మా" అన్నారు. రేటు ముక్క లేదు. ఆరా తీస్తే అతను నిజంగానే రేటు చెప్పకుండా పని మొదలెట్టాడు. అప్పట్నించి జాబ్ కార్డులో పైనే రేటు, దాని పక్కన కస్టమరు సంతకం పెట్టించాం.

ఒక చిక్కొచ్చింది. సన్న లీకు కంటికి కనబడదు. నైట్రోజన్ ఎక్కించి, సబ్బునీళ్లు పూసి, బుడగలు ఎక్కడొస్తాయో చూపించాలి. అదే పెద్ద పని. అందుకే వెతకడానికి ఎంతవుతుందో ఫోన్లోనే ముందు చెప్పేవాళ్లం.

చివర్లో ఓనరుగారు 'నాణ్యతతో' అని ఒక్క మాట చేర్చమన్నారు. చేర్చి, మళ్లీ ఆ ఆరుగురినే మర్నాడు అడిగాం. ఒక్కరి నోటా రాలేదు. ఆయనే తీసెయ్యమన్నారు.