కోసుకున్న పీఎఫ్ ఆలస్యంగా కడితే పన్ను మినహాయింపు రాదా?

ప్రశ్న: మా సంస్థలో 22 మంది పనిచేస్తున్నారు. 2024 అక్టోబర్, నవంబర్, డిసెంబర్ జీతాల్లో పీఎఫ్ కోసుకున్నాం కానీ, రావాల్సిన బిల్లులు ఆగిపోయి కట్టలేకపోయాం. 2025 జూన్ 10న మొత్తం ఒకేసారి కట్టేశాం. పుస్తకాల్లో చేతికిచ్చిన జీతాన్నే ఖర్చుగా రాసి, పీఎఫ్‌ను కట్టిన రోజున ఖర్చు చూపాం. ఇప్పుడు ఉద్యోగుల వాటాకు పన్ను మినహాయింపు రాదని ఆడిటర్ అంటున్నారు. పీఎఫ్ కార్యాలయం నుంచి నష్టపరిహారం నోటీసు వచ్చింది. ఆ మూడు నెలలూ అసలు కోతే లేనట్లు జీతపు చీటీలు మార్చి రాస్తే సరిపోతుందని మా అకౌంటెంట్ సలహా. రిటర్న్ ఇంకా వేయలేదు. ఏం చేయాలి?

జవాబు: బిల్లులు ఎందుకు ఆగాయన్నది మీ కేసును తేల్చదు. ఉద్యోగి జీతంలోంచి కోసిన సొమ్ము ఏ తేదీలోగా పీఎఫ్ ఖాతాకు చేరాలి, ఏ తేదీన చేరింది అన్న ఒక్క అంశం మీదే అంతా నిలుస్తుంది. ఒక నెల జీతానికి సంబంధించిన పీఎఫ్ మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. కాబట్టి మీ మూడు నెలల గడువులు 2024 నవంబర్ 15న, డిసెంబర్ 15న, 2025 జనవరి 15న ముగిశాయి. జూన్ 10 నాటి చెల్లింపు మూడింటికీ ఆలస్యమే.

ఒక ఉద్యోగి లెక్క తీసుకుందాం. మూల వేతనం 15,000, ఇంటి అద్దె భత్యం 7,000 కలిపి స్థూల వేతనం 22,000 రూపాయలనుకోండి. మూల వేతనంపై 12 శాతం చొప్పున 1,800 కోస్తే చేతికి 20,200 వస్తుంది. సంస్థ తన వాటాగా మరో 1,800, దానికి తోడు బీమా నిధికి 75, నిర్వహణ రుసుముకు 75 చేర్చి మొత్తం 1,950 కట్టాలి. సంస్థకు ఖర్చు 23,950, పీఎఫ్ ఖాతాకు చెల్లించాల్సిన బాకీ 3,750. ఇందులో 1,800 మాత్రం మీది కాదు. అది ఉద్యోగి జీతంలోని భాగం, మీ చేతిలో ఉంచిన సొమ్ము. జీతం కాక సంస్థకు పడే అదనపు ఖర్చు 1,950 ఒక్కటే.

అందరిదీ ఇదే జీతమైతే మూడు నెలలకు ఉద్యోగుల వాటా 1,18,800, మీ వాటా 1,28,700, మొత్తం 2,47,500 రూపాయలు. ఆదాయపు పన్ను చట్టం ఈ రెండింటినీ వేర్వేరుగా చూస్తుంది. మీ వాటాకు 43బీ సెక్షన్ వర్తిస్తుంది, రిటర్న్ గడువులోగా కట్టారు గనుక 2024-25 సంవత్సరానికే మినహాయింపు దక్కుతుంది. ఉద్యోగుల వాటా అలా కాదు. దాన్ని చట్టం ముందుగా మీ ఆదాయంగా లెక్కించి, పీఎఫ్ చట్టం చెప్పిన గడువులోగా కడితేనే 36(1)(వీఏ) కింద మినహాయింపు ఇస్తుంది. రిటర్న్‌కు ముందు కట్టాం కదా అన్న వాదనను సుప్రీంకోర్టు చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో 2022 అక్టోబర్ 12న తోసిపుచ్చింది. ఆడిటర్ చెప్పింది నిజమే.

అయితే మీ పుస్తకాలను ఇలాగే వదిలేస్తే రెండుసార్లు నష్టపోతారు. మీరు జీతపు ఖర్చుగా 20,200 మాత్రమే రాశారు, అంటే కోసిన 1,800 ఆ ఏడాది ఖర్చులోకి ఇంకా రాలేదు. దానిమీద మళ్లీ 1,18,800 ఆదాయంగా కలిపితే ఒకే సొమ్ముకు రెండుసార్లు పన్ను కట్టినట్టవుతుంది. చేతికిచ్చినదే జీతం అనుకోవడం, కోసిన సొమ్మును బాకీగా ఎక్కడా చూపకపోవడం క్షమించదగ్గ అజాగ్రత్త కాదు. ఆ బాకీ ప్రతి నెలా పుస్తకంలో కనిపించి ఉంటే జనవరిలోనే మీ కళ్లబడేది.

2025 మార్చి 31తో ముగిసిన లెక్కలను ఖరారు చేయకముందే ఒక్కో ఉద్యోగికి, ఒక్కో నెలకు ఇలా సరిచేయించండి. జీతాల ఖాతాకు 22,000 డెబిట్ చేసి, అందులో 20,200 చెల్లించాల్సిన జీతాల ఖాతాకు, 1,800 ఉద్యోగుల పీఎఫ్ బాకీకి క్రెడిట్ చేయాలి. విడిగా యజమాని పీఎఫ్ ఖర్చుకు 1,950 డెబిట్ చేసి, అంతే మొత్తం యజమాని పీఎఫ్ బాకీకి క్రెడిట్ చేయాలి. జూన్ 10న బ్యాంకు నుంచి వెళ్లిన సొమ్ము ఈ రెండు బాకీలను తీర్చేదిగా నమోదు కావాలే తప్ప, ఆ రోజు ఖర్చుగా ఉండకూడదు. ఇలా సరిచేశాక పన్ను లెక్కలో 1,18,800 కలిపితే, మొత్తం ఒక్కసారే పన్నుకు గురవుతుంది.

అకౌంటెంట్ చెప్పిన దారికి మాత్రం దగ్గరికి కూడా వెళ్లవద్దు. ఉద్యోగుల దగ్గర పాత చీటీలున్నాయి. వారి బ్యాంకు ఖాతాల్లో 20,200 పడింది. జూన్‌లో మీరే దాఖలు చేసిన నెలవారీ పీఎఫ్ వివరాల్లో ఉద్యోగి వాటా ఉంది. కోత లేదని రాసిన మరుక్షణం, ఇవ్వాల్సిన 22,000కు గాను 20,200 ఇచ్చినట్లు మీరే ఒప్పుకుంటారు, అది జీతం తక్కువ ఇచ్చిన మరో ఫిర్యాదుకు దారితీస్తుంది. తప్పుడు చీటీ సృష్టించడం వేరే నేరం. పైగా ఉద్యోగి జీతంలో కోసిన పీఎఫ్ వాటాను యజమానికి అప్పగించిన సొమ్ముగా భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ వివరణ భావిస్తుంది, గడువు దాటినా కట్టకపోతే నమ్మకద్రోహం కింద కేసు నడుస్తుంది. ఆలస్యంగానైనా పూర్తిగా కట్టిన రికార్డు మీకు ఇప్పుడు అండగా ఉంది. దాన్ని అబద్ధంతో పాడుచేసుకోవద్దు.

ఇక నోటీసు. పీఎఫ్ చట్టం 7క్యూ సెక్షన్ కింద ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ తప్పదు. అదే చట్టం 14బీ సెక్షన్ కింద నష్టపరిహారం రేటు 2024 జూన్ 14 నుంచి నెలకు ఒక శాతానికి తగ్గింది. ఒక్కో నెల బాకీ 82,500 మీద ఆలస్యం వరుసగా 207, 177, 146 రోజులు, అంటే వడ్డీ దాదాపు 14,400 రూపాయలు, నష్టపరిహారం ఇంచుమించు అంతే. నోటీసులో ఇంతకు మించి ఉంటే పాత రేటుతో వేశారేమో సరిచూడండి. ఉద్దేశపూర్వకంగా చేయలేదన్న వాదన పనికిరాదు, నష్టపరిహారానికి దురుద్దేశం రుజువు అక్కర్లేదని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. ఏళ్లు గడిస్తే కాలపరిమితి దాటిపోతుందని ఎదురుచూడటమూ వృథా, 1952 నాటి ఆ పీఎఫ్ చట్టం 14బీకి కాలపరిమితి పెట్టలేదని 1998లోనే తీర్పు వచ్చింది.

విచారణ తేదీకి నోటీసు, మూడు నెలల చలానాలు, జూన్ 10 నాటి బ్యాంకు స్టేట్‌మెంట్, మీ రోజుల లెక్క తీసుకుని హాజరుకండి. లెక్క తేడా వస్తే లిఖితపూర్వకంగా చెప్పి, రసీదు తీసుకోండి. తీరా ఉత్తర్వు తప్పుగా వస్తే, అందిన రోజు నుంచి 60 రోజుల్లోగా ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు, కనుక ఉత్తర్వు చేరిన కవరుమీద తేదీ వేసి భద్రపరచండి. ఈ వడ్డీని గానీ, నష్టపరిహారాన్ని గానీ, మీ వాటాను గానీ ఉద్యోగుల జీతాల్లోంచి రాబట్టకూడదు. ఒక్కో ఉద్యోగి పీఎఫ్ పాస్‌బుక్‌లో ఆ మూడు నెలలూ జమ అయ్యాయో లేదో మీరే చూసి, జమ కాని పేరు ఏదైనా ఉంటే రిటర్న్ వేసేలోగా సరిచేయించండి.