టాస్క్ కామెంట్‌లో రాసిన పాస్‌వర్డ్‌ను తొలగిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా సంస్థ మరో కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను నిర్వహిస్తుంది. ఒక లోపాన్ని వివరించబోయి డేటాబేస్ పాస్‌వర్డ్‌నూ, ఒక కస్టమర్ పేరు, ఫోన్ నంబరు, చిరునామానూ టాస్క్ కామెంట్‌లో రాసేశాను. మర్నాడు తొలగించాను. బయటి కాంట్రాక్టర్లు కూడా ఆ ప్రాజెక్టును చూడగలరు. నాకు చట్టపరంగా చిక్కు వస్తుందా?

జవాబు: తొలగింపుతో విషయం ముగియలేదు. కామెంట్ పెట్టగానే ఆ టాస్క్‌ను అనుసరించే వారికి దాని పాఠం ఈమెయిల్‌లో వెళ్లి ఉండవచ్చు. మార్పుల చరిత్రలోనూ, బ్యాకప్‌లోనూ మిగిలి ఉండవచ్చు. కాబట్టి ఆ పాస్‌వర్డ్ బయటపడినట్టే భావించి, ముందు కొత్తది సృష్టించి, అప్లికేషన్లను దానికి మార్చి, పాతదాన్ని వెంటనే రద్దు చేయించండి. కామెంట్ పెట్టిన సమయం నుంచి రద్దు చేసిన సమయం వరకు ఆ ఖాతాతో ఎవరు, ఎక్కడి నుంచి లాగిన్ అయ్యారో డేటాబేస్ లాగ్‌లో చూడాలి. ఆ లాగ్‌లు కొన్నాళ్లకు చెరిగిపోవచ్చు గనుక ముందే భద్రపరచండి.

కస్టమర్ వివరాల సంగతి ఇంతకంటే కష్టం, ఎందుకంటే పాస్‌వర్డ్‌ను మార్చినట్టు ఒక మనిషి చిరునామాను మార్చలేం. ఆ వివరాలతో పనిలేని కాంట్రాక్టర్లకు అవి కనిపించడం కూడా, దురుద్దేశం లేకపోయినా, చాలా డేటా రక్షణ చట్టాల ప్రకారం అనధికారిక వెల్లడి కిందికి రావచ్చు. ఉదాహరణకు, యూరోపియన్ యూనియన్ జీడీపీఆర్ వర్తించే చోట, మీలాగా మరొకరి తరఫున డేటాను నిర్వహించే సంస్థ జాప్యం లేకుండా ఆ కంపెనీకి తెలియజేయాలి. ఆ కంపెనీ, వ్యక్తులకు ముప్పు కలిగే అవకాశం లేదని తేలితే తప్ప, తనకు తెలిసిన 72 గంటల్లోగా నియంత్రణ సంస్థకు చెప్పాలి. ముప్పు ఉందో లేదో తేల్చాల్సింది ఆ కంపెనీయే గానీ మీరు కాదు; అందువల్ల మీరు మౌనంగా ఉంటే వారి నిర్ణయాన్ని మీరు లాక్కున్నట్టవుతుంది.

ఈ చట్టాల కింద ప్రధాన బాధ్యత సాధారణంగా సంస్థలదే. ఉద్యోగిగా మీరు జవాబు చెప్పుకోవలసింది మీ ఉద్యోగ ఒప్పందంలోని గోప్యత షరతు కింద. అక్కడ పొరపాటున రాయడం కంటే, తెలిసీ దాచడమే మిమ్మల్ని ఎక్కువ ఇబ్బందిలో పెడుతుందని నా అభిప్రాయం. కనుక ఈరోజే మీ పై అధికారికి రాతపూర్వకంగా తెలపండి. ఏ టాస్క్, ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీసేశారు, ఎవరెవరికి కనిపించింది, ఏ రకం వివరాలు అనేవి రాయండి. పాస్‌వర్డ్‌ను గానీ ఆ కస్టమర్ వివరాలను గానీ అందులో మళ్లీ రాయకండి.

ఇకపై టాస్క్‌లో కస్టమర్ పేరు బదులు అంతర్గత రికార్డు సంఖ్యనూ, పాస్‌వర్డ్ బదులు అది ఏ పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఏ పేరుతో ఉందో మాత్రమే రాయండి. అనుమతి ఉన్నవారే అక్కడికి వెళ్లి చూసుకోగలరు. స్క్రీన్‌షాట్లనూ, అతికించే లాగ్ ముక్కలనూ కూడా ముందు పరిశీలించండి. ముఖ్యంగా `Authorization:` అని మొదలయ్యే వరుసలో తరచుగా తాళంచెవి లాంటి టోకెనే ఉంటుంది.