మందుల చీటీని పట్టికగా రాసేటప్పుడు

చి. సౌమ్యకు, ఆశీస్సులు.

మీ మామగారి చీటీ ఫొటో, నువ్వు రాసిన పట్టిక రెండూ చూశాను. మందు, మోతాదు, ఎన్నిసార్లు, ఎన్నాళ్లు అని నాలుగు గడులు పెట్టావు, అది బాగుంది. కానీ ఏ గడీ ఖాళీగా ఉండకూడదని పట్టుబట్టినట్టున్నావు. అందుకే చీటీలో లేని సంగతులు రెండు మూడు నీ పట్టికలోకి వచ్చాయి. ఆస్పత్రి ఫార్మసీలో పనిచేసినన్నాళ్లూ నేను చూసిన పొరపాట్లలో చాలావరకు ఇలాంటివే. రాత చదవలేక జరిగినవి తక్కువ, ఖాళీని ఊహతో నింపడం వల్ల జరిగినవి ఎక్కువ.

చీటీలో ఉన్నది ఉన్నట్టు ముందు ఒక కాగితం మీద దించుకో. అర్థాలు తర్వాత చూసుకోవచ్చు.

```
Tab Pantoprazole 40    1-0-0 AC × 10d
Tab Prednisolone 10    2 OD PC × 5d, then 1 OD PC × 5d
Tab Paracetamol 650    1 SOS
Tab Levocetirizine 5   1 HS × 2/52
```

మొదటి వరుస తేలిక. గీతల మధ్య ఉన్న మూడు అంకెలు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి. ఏసీ అంటే తినకముందు, పీసీ అంటే తిన్న తర్వాత. అది సరిగ్గానే రాశావు.

రెండో వరుస దగ్గరే తేడా వచ్చింది. నువ్వు "10 మి.గ్రా., రోజుకు 2 సార్లు, 5 రోజులు" అని రాశావు. అక్కడ 2 అన్నది మాత్రల సంఖ్య. ఎన్నిసార్లు అన్నది ఓడీ చెబుతుంది, అంటే రోజుకొకసారి. మందు పేరు పక్కనున్న 10 ఒక్క మాత్రలో ఎంత మందు ఉందో చెబుతుంది. కాబట్టి 10 మి.గ్రా. మాత్రలు రెండు కలిపి ఒకేసారి, 20 మి.గ్రా. మాత్ర బలం వేరు, ఒక్కసారి వేసుకునే మోతాదు వేరు. ఈ రెండూ ఒకే గడిలో కలిసిపోతే ఇంట్లో ఎవరైనా తప్పు చదువుతారు. అందుకని బలాన్ని మందు పేరు పక్కనే ఉంచి, మోతాదు గడిలో ఎన్ని మాత్రలో రాసి, మొత్తం ఎన్ని మి.గ్రా. అయిందో పక్కన వెయ్యి.

ఆ వరుసలో "then" తర్వాత ఉన్నదాన్ని అసలు వదిలేశావు. ప్రెడ్నిసొలోన్ స్టెరాయిడ్. మోతాదు ఎలా తగ్గించాలో డాక్టరు రాసినప్పుడు ఆ మెట్లను మనం మార్చకూడదు. ముఖ్యంగా ఎక్కువకాలం వాడినవాళ్లు ఉన్నట్టుండి ఆపితే ఒంట్లో సహజంగా తయారవ్వాల్సిన స్టెరాయిడ్ వెంటనే అందక ఇబ్బంది పడతారు. మోతాదు మారిన ప్రతిచోటా కొత్త వరుస వెయ్యాలి. ఒకే గడిలో "ముందు రెండు, తర్వాత ఒకటి" అని ఇరికిస్తే ఆరో రోజు పొద్దున ఎన్ని వేసుకోవాలో అని మళ్లీ టెన్షన్.

ఇంకో మాట. ఈ మందు సాధారణంగా ఉదయం పూటే ఇస్తారు, రాత్రి వేసుకుంటే నిద్ర పట్టకపోవచ్చు. అది నాకు తెలుసు. అయినా చీటీలో ఓడీ అని మాత్రమే ఉంది కాబట్టి ఉదయం అని నేను రాయను, అడిగాకే రాస్తాను.

పారాసెటమాల్ వరుసలో పై వరుస నుంచి 5 రోజులు తెచ్చి పెట్టి, రోజుకు మూడుసార్లు అని చేర్చావు. ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. నొప్పో జ్వరమో లేకపోతే అసలు వేసుకోనక్కర్లేదు. దీనికి రెండు సంగతులు కావాలి: ఒకసారికీ ఇంకోసారికీ ఎంత వ్యవధి ఉండాలి, రోజులో గరిష్ఠంగా ఎన్ని. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదంటారు. కానీ కాలేయం సమస్య ఉన్నవాళ్లకూ బరువు తక్కువ ఉన్నవాళ్లకూ హద్దు ఇంకా తక్కువ. పైగా జలుబు మాత్రలు చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది, అదీ లెక్కలోకి వస్తుంది. మీ మామగారి హద్దు డాక్టరే చెప్పాలి. అందాకా ఆ గడిలో "రాయలేదు, అడగాలి" అని పెట్టు.

చివరి వరుసలో 2/52 చూసి 2 రోజులు అనుకున్నావు. ఇది పాత పద్ధతి. కింద 7 ఉంటే పైది రోజులు, 52 ఉంటే వారాలు, 12 ఉంటే నెలలు. అంటే ఇక్కడ రెండు వారాలు. ఎప్పుడైనా 5/7 కనిపిస్తే ఐదు రోజులనే అర్థం, ఐదు నుంచి ఏడు రోజులని కాదు. హెచ్ఎస్ అంటే పడుకునే ముందు.

ఇప్పుడు పట్టిక ఇలా వస్తుంది.

| మందు, బలం | ఒకసారికి మోతాదు | ఎన్నిసార్లు, ఎప్పుడు | ఎన్నాళ్లు |
|---|---|---|---|
| పాంటోప్రజోల్ 40 మి.గ్రా. | 1 మాత్ర | రోజుకొకసారి, ఉదయం తినకముందు | 10 రోజులు |
| ప్రెడ్నిసొలోన్ 10 మి.గ్రా. | 2 మాత్రలు (20 మి.గ్రా.) | రోజుకొకసారి, తిన్నాక (ఏ పూటో అడగాలి) | 1 నుంచి 5వ రోజు వరకు |
| ప్రెడ్నిసొలోన్ 10 మి.గ్రా. | 1 మాత్ర (10 మి.గ్రా.) | రోజుకొకసారి, తిన్నాక (ఏ పూటో అడగాలి) | 6 నుంచి 10వ రోజు వరకు |
| పారాసెటమాల్ 650 మి.గ్రా. | 1 మాత్ర | అవసరమైతేనే (వ్యవధి, గరిష్ఠం రాయలేదు, అడగాలి) | రాయలేదు, అడగాలి |
| లెవోసెటిరిజిన్ 5 మి.గ్రా. | 1 మాత్ర | రోజుకొకసారి, పడుకునే ముందు | 14 రోజులు |

రాయడం అయ్యాక మాత్రలు లెక్కపెట్టు. ప్రెడ్నిసొలోన్ ఐదు రోజులు రెండేసి, ఐదు రోజులు ఒక్కోటి, మొత్తం 15. లెవోసెటిరిజిన్ 14. మందుల షాపులో ఇచ్చినవాటితో ఇవి పోల్చు. నీ పాత పట్టిక ప్రకారం ప్రెడ్నిసొలోన్ పదే రావాలి, ఇంటికి 15 వచ్చి ఉంటే అక్కడే అనుమానం రావాలి. షాపువాళ్లు స్ట్రిప్పులు పూర్తిగా ఇచ్చి ఉంటే నాలుగైదు ఎక్కువ ఉండొచ్చు. తక్కువైతే మాత్రం అడగాల్సిందే. మందు పేరు స్ట్రిప్ మీద ఉన్న ఇంగ్లీషు స్పెల్లింగుతో కూడా ఒకసారి సరిచూడు. ఒకేలా వినిపించే పేర్లు చాలా ఉన్నాయి.

ఈ చీటీలో లేకపోయినా ముందు ముందు నీకు ఎదురయ్యేవి కొన్ని. మెథోట్రెక్సేట్ అన్న పేరు కనబడితే ఆగి చదువు. కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కరోజే ఇస్తారు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఎన్నిసార్లు అన్న గడిలో "వారానికి ఒకసారి, ఫలానా రోజు" అని రోజు పేరుతో సహా రాయాలి. కంటి చుక్కల చీటీలో ఓడీ ఉంటే రోజుకొకసారి అనుకోకు, అది కుడికన్ను కావచ్చు. ఎనిమిది గంటలకోసారి అని రాసి ఉంటే దాన్ని ఉదయం, మధ్యాహ్నం, రాత్రిగా మార్చకు, రాత్రి భోజనానికీ మర్నాటి టిఫినుకూ మధ్య పన్నెండు గంటలు పోతాయి.

అంకెల విషయంలో అర మిల్లీగ్రామును 0.5 అనే రాయి. ముందు సున్నా లేకపోతే చుక్క కనబడక 5 అవుతుంది. ఒకటిని మాత్రం 1.0 అని రాయకు, అది 10లా కనిపిస్తుంది. అమెరికాలో జాయింట్ కమిషన్ అనే సంస్థ 2004లో ఆస్పత్రులు వాడకూడని రాతల జాబితా ఇచ్చింది, అందులో ఈ రెండూ ఉన్నాయి. మైక్రోగ్రాములైతే మాట మొత్తం రాసెయ్.

చీటీ మారినప్పుడు పాత పట్టికలో కొట్టివేతలు పెట్టకు. తేదీ వేసి కొత్తది రాయి, పాతదాన్ని చింపెయ్. అసలు చీటీ మాత్రం పట్టిక వెనకాలే పిన్ను చేసి ఉంచు, డాక్టరుకు చూపించాల్సింది దాన్నే.

రేపు ఫోన్ చేసి ప్రెడ్నిసొలోన్ ఏ పూటో, పారాసెటమాల్ రోజుకు ఎన్ని దాటకూడదో, ఎంత వ్యవధిలో వెయ్యాలో, ఎన్నాళ్లో కనుక్కో. అవి నింపాక పట్టిక నాకోసారి పంపు, గోడకు అంటించేముందు చూస్తాను.

మీ పెద్దమ్మ